43 గ్రాముల కొవ్వులో 6.5 తీసేస్తే మిగిలినదంతా అసంతృప్తమేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా నాయనకు 58 ఏళ్ళు. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉందన్నారు. ఆదివారం మధ్యాహ్నం రాగిసంకటిలో 10 గ్రాముల నెయ్యి వేసుకుని, చెనిక్కాయల ఊరిబిండి, బొచ్చె చేపల పులుసుతో తింటాడు. ఊరిబిండికి 120 గ్రాముల కాయలు, పులుసుకు 60 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె పడతాయి. రెండూ నలుగురం తింటాం. ఫోన్ యాప్‌లో ఎక్కిస్తే నాయన వాటాకు మొత్తం కొవ్వు 43 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 6.5 అని చూపిస్తోంది. మిగిలిన 36.5 గ్రాములూ మంచి కొవ్వే అనుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:

అనుకోకూడదండీ. మొత్తం 43 అన్నది సరిగ్గానే ఉంది. 6.5 మాత్రం తప్పు. అసలు అంకె 12 దాటుతుంది. ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్న మనిషికి ఈ రెండు అంకెల మధ్య తేడా చిన్నది కాదు.

తప్పు ఎక్కడ జరిగిందో మీరిచ్చిన అంకెల్లోనే కనబడుతోంది. 10 గ్రాముల నెయ్యిలో సంతృప్త కొవ్వు 6.2 గ్రాములు. ఒక మనిషి తినే సంకటిలో ఇంకో 0.3 ఉంటుంది. కలిపితే 6.5. అంటే మీ యాప్ సంతృప్త కొవ్వును నెయ్యి నుంచి, సంకటి నుంచి మాత్రమే లెక్కలోకి తీసుకుంది. ఊరిబిండి, పులుసు రెండూ ఇంటి వంటలు కాబట్టి మీరే కొత్తగా రాసి చేర్చి ఉంటారు, లేదా ఎవరో చేర్చిన వంటను ఎంచుకుని ఉంటారు. అలాంటి వాటిలో మొత్తం కొవ్వు నింపి, సంతృప్త కొవ్వు గడిని ఖాళీగా వదిలేయడం చాలా మామూలు. యాప్ ఆ ఖాళీని ‘తెలియదు’ అని చదవదు, సున్నా అని చదువుతుంది. చెనిక్కాయల్లో, చేపలో, నూనెలో సంతృప్త కొవ్వే లేదన్నట్టు లెక్క వచ్చింది.

కాబట్టి ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. పద్ధతి చిన్నదే. ప్రతి పదార్థానికీ మూడు అడుగులు: ఎన్ని గ్రాములు తిన్నారు, అందులో కొవ్వు ఎంత, ఆ కొవ్వులో ఏ రకం ఎంత. మొదటి అడుగులో తప్పు జరిగితే మిగతా రెండూ ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు. అందుకే తూకం దగ్గర కొంచెం ఓపిక పట్టాలి.

ఒక విషయం ముందుగా మనసులో పెట్టుకోండి. పూర్తిగా సంతృప్తమైన తిండిగానీ, పూర్తిగా అసంతృప్తమైన తిండిగానీ మన వంటింట్లో లేవు. నెయ్యి, చెనిక్కాయలు, చేప మూడింటిలోనూ మూడు రకాల కొవ్వు ఆమ్లాలూ ఉంటాయి. కార్బన్ గొలుసులో ద్విబంధాలు అసలే లేనివి సంతృప్తం, ఒకటి ఉన్నవి మోనో, ఒకటికంటే ఎక్కువ ఉన్నవి పాలీ. మోనో, పాలీ కలిస్తే అసంతృప్తం. తేడా అంతా పాళ్ళలోనే. నెయ్యి ‘చెడ్డ కొవ్వు’, చేప ‘మంచి కొవ్వు’ అని రెండు గంపల్లో వేసేస్తే నెయ్యిలోని 2.9 గ్రాముల మోనో లెక్కకు రాదు, పులుసులోని సంతృప్తమూ లెక్కకు రాదు. మీ యాప్ చేసిన పని దాదాపు ఇదే.

నెయ్యి దగ్గర మొదలుపెడదాం. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే, 100 గ్రాములకు 99 గ్రాముల పైనే. అందులో సంతృప్తం 62, మోనో 29, పాలీ 4 దాకా ఉంటాయి. మీరు 10 గ్రాములు అన్నారు కాబట్టి 6.2, 2.9, 0.4. ఆ 10 గ్రాములు త్రాసులో తూచినవా, చెంచాతో అంచనా వేసినవా అన్నది చూసుకోండి. 5 మిల్లీలీటర్ల కొలత చెంచాలో కరిగిన నెయ్యి తలగొట్టి పోస్తే నాలుగున్నర గ్రాములు వస్తుంది. ఇంట్లో వాడే స్టీలు చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. పైగా పేరుకున్న నెయ్యిని గుట్టగా తీస్తే అదే చెంచాలో ఒకటిన్నర రెట్లు సులువుగా ఎక్కుతుంది. కంచాన్ని సంకటితో సహా త్రాసు మీద పెట్టి, సున్నా చేసి, నెయ్యి వేసి చూడండి. ఈ భోజనంలో అన్నిటికంటే కచ్చితంగా తూచాల్సింది నెయ్యే. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇంకోమాట. తిరుపతి ఎండలకు నెయ్యి సీసాలో నీళ్ళలా ఉంటుంది. అది చూసి ‘గది వేడికే కరిగింది కాబట్టి సంతృప్తం తక్కువ’ అనుకునేవాళ్ళున్నారు. పేరుకునే కొవ్వు సంతృప్తం, పారే కొవ్వు అసంతృప్తం అన్న సూత్రం చల్లటి దేశాల గదుల్లో కొంతవరకు పనిచేస్తుంది. 40 డిగ్రీల దగ్గర ఏ నెయ్యి అయినా కరుగుతుంది. అందులోని ఆమ్లాలు మాత్రం జనవరిలో ఉన్నవే మే నెలలోనూ ఉంటాయి.

ఇక చెనిక్కాయలు. 120 గ్రాముల పప్పు పచ్చిగా తూచారా, వేయించాక తూచారా? పచ్చిగా తూస్తేనే మంచిది. వేయించినప్పుడు నీరు పోయి బరువు తగ్గుతుంది, కొవ్వు తగ్గదు. వేయించాక తూచి పచ్చి పప్పు అంకె వాడితే లెక్క కొంచెం తక్కువ వస్తుంది. ఊరిబిండి నూరాక రోట్లోంచి తీసి మొత్తం తూచండి. మిరపకాయలు, చింతపండు, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ అన్నీ కలిసి ఉదాహరణకు 240 గ్రాములు వచ్చిందనుకోండి. నాయన 60 గ్రాములు వేసుకుంటే నాలుగో వంతు, అంటే 30 గ్రాముల చెనిక్కాయలు. నలుగురు తిన్నారు కదా అని నాలుగుతో భాగించడం కంటే ఇది నమ్మకమైన దారి. ఊరిబిండి ఇష్టమైనవాళ్ళు సమానంగా వేసుకుని ఆగరు.

చెనిక్కాయల్లో కొవ్వు దగ్గర పట్టికలు ఒకదానితో ఒకటి కలవవు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికల్లో 100 గ్రాములకు 40 గ్రాములు ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో 49. రెండూ తప్పు కాదు. రకాన్నిబట్టి, పంటనుబట్టి, పప్పులో ఉన్న తేమనుబట్టి మారుతుంది. మన వైపు సాగయ్యే రకాల్లో నూనె శాతం సాధారణంగా 45 నుంచి 50 మధ్య చెబుతారు. అందుకని నేను 48 తీసుకుంటున్నాను. 30 గ్రాములకు కొవ్వు 14.4 గ్రాములు అయింది. ఆ కొవ్వును విడదీయడానికి వేరుశనగ నూనె పాళ్ళే వాడొచ్చు, ఎందుకంటే గానుగలోంచి వచ్చేది పప్పులో ఉన్న నూనే. 100 గ్రాముల నూనెలో సంతృప్తం 17, మోనో 46, పాలీ 32. దాంతో 2.4, 6.6, 4.6 వస్తాయి. కొన్ని పట్టికల్లో సంతృప్తం పాలు 13 దాకా తక్కువగా, ఇంకొన్నిటిలో 20 దాకా ఎక్కువగా కనబడుతుంది. ఆ రెండు చివర్లూ తీసుకున్నా మీ నాయన వాటా 1.9 నుంచి 2.9 మధ్యే ఉంటుంది. సున్నా మాత్రం కాదు.

పులుసును రెండుగా విడగొట్టాలి: చేప వేరు, నూనె వేరు. ‘చేపల పులుసు ఒక గిన్నె’ అని యాప్‌లో ఎంచుకుంటే ఆ రెండూ ఒకే అంకెలో కలిసిపోతాయి. అప్పుడు నూనె నుంచి వచ్చిన కొవ్వంతా చేప ఖాతాలో పడుతుంది.

చేపలో తినే భాగాన్నే లెక్కపెట్టాలి. నాయన కంచంలో రెండు ముక్కలు పచ్చిగా 160 గ్రాములు ఉన్నాయనుకుందాం. ముల్లు, పక్కన పెట్టేసేది 40 పోతే కండ 120. బొచ్చెలో కొవ్వు తక్కువ, 100 గ్రాములకు రెండున్నర గ్రాములకు అటూ ఇటూ. చెరువులో మేత బాగా పెట్టి పెంచినదైతే, ముఖ్యంగా పొట్ట ముక్కలో, తలలో ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. తోక వైపు తక్కువ. 120 గ్రాములకు 3 గ్రాములు వేసుకుందాం. ఆ కొవ్వు మూడు రకాలకూ దాదాపు సమానంగా పంచుకుపోతుంది: సంతృప్తం 1.0, మోనో 0.9, పాలీ 0.8.

నూనె 60 మిల్లీలీటర్లంటే సుమారు 55 గ్రాములు. నాలుగో వంతు దాదాపు 14 గ్రాములు. సంతృప్తం 2.4, మోనో 6.4, పాలీ 4.5. ఇక్కడ అంచనా కొంచెం కదులుతుంది. పులుసు దించాక నూనె పైకి తేలుతుంది కాబట్టి మొదట పైపైన గరిటె పెట్టినవాళ్ళకు ఎక్కువ పోతుంది, అడుగు కలిపి పోసుకున్నవాళ్ళకు సమానంగా పోతుంది. వడ్డించే ముందు ఒకసారి కలిపితే నాలుగో వంతు అన్న లెక్క నిలబడుతుంది. చేపను ముందు వేయించి పులుసులో వేసే అలవాటుంటే, వేయించడానికి పెట్టిన నూనెను ముందూ వెనకా తూచి, తగ్గినంతే లెక్కలోకి తీసుకోండి. గానుగ నూనె అయినా రిఫైన్డ్ అయినా ఈ పాళ్ళు మారవు. రిఫైన్ చేస్తే వాసన, రంగు, కొన్ని చిన్న పదార్థాలు పోతాయి. కొవ్వు ఆమ్లాల వాటా అదే ఉంటుంది.

రాగిపిండి, నూకలు కలిపి 100 గ్రాములకు కొవ్వు ఒకటిన్నర గ్రాములు. అందులో సంతృప్తం 0.3, మోనో 0.5, పాలీ 0.4. దీన్ని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు.

అన్నీ ఒకచోట, గ్రాముల్లో:

| పదార్థం | మొత్తం కొవ్వు | సంతృప్తం | మోనో | పాలీ |
|---|---|---|---|---|
| నెయ్యి 10 | 10.0 | 6.2 | 2.9 | 0.4 |
| చెనిక్కాయలు 30 | 14.4 | 2.4 | 6.6 | 4.6 |
| బొచ్చె కండ 120 | 3.0 | 1.0 | 0.9 | 0.8 |
| పులుసులో నూనె 14 | 14.0 | 2.4 | 6.4 | 4.5 |
| సంకటి పిండి, నూకలు 100 | 1.5 | 0.3 | 0.5 | 0.4 |
| మొత్తం | 42.9 | 12.3 | 17.3 | 10.7 |

మీ యాప్ చూపిన 43తో మొదటి నిలువు వరుస సరిపోయింది. రెండో వరుసలో 6.5 కాదు, 12.3.

ఇప్పుడు చివరి మూడూ కూడండి. 12.3, 17.3, 10.7 కలిపితే 40.3. మొత్తం కొవ్వు 42.9. మిగిలిన 2.6 గ్రాములు ఎటు పోయాయి? ఎటూ పోలేదు. మనం తినే కొవ్వు ఎక్కువగా ట్రైగ్లిజరైడ్. అంటే మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిజరాల్‌కు అతుక్కుని ఉంటాయి. మొత్తం కొవ్వు తూచేటప్పుడు గ్లిజరాల్ బరువూ అందులో పడుతుంది. రకాలుగా విడగొట్టేటప్పుడు ఆమ్లాలనే తూస్తారు. అందుకే నూనె, నెయ్యి లాంటివాటిలో మూడు రకాల మొత్తం అసలు కొవ్వులో 95 శాతం దగ్గర ఆగుతుంది. చేపలో ఇంకా తగ్గుతుంది. అక్కడ కొవ్వులో కొంత ఫాస్ఫోలిపిడ్లుగా ఉంటుంది, వాటిలో ఆమ్లాలు కాని భాగం మరీ ఎక్కువ.

అందువల్ల ‘మొత్తంలోంచి సంతృప్తం తీసేస్తే మిగిలింది అసంతృప్తం’ అన్న తీసివేత, అన్ని అంకెలూ నిజమైనప్పుడు కూడా, కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఇక్కడ 42.9 లోంచి 12.3 తీస్తే 30.6 వస్తుంది. నిజంగా ఉన్న అసంతృప్తం 28.0. మీరు అనుకున్న 36.5కీ దీనికీ చాలా దూరం ఉంది.

ఈ 95 శాతాన్ని మీరు తప్పు పట్టుకోవడానికి వాడుకోవచ్చు. ఏ యాప్‌లోనైనా, ఏ డబ్బా మీదనైనా మూడు రకాలూ కూడి, మొత్తం కొవ్వుతో పోల్చండి. 90 నుంచి 96 శాతం మధ్య ఉంటే లెక్క కుదిరినట్టు. 70కో 50కో పడిపోతే ఏదో పదార్థానికి గడులు ఖాళీగా ఉన్నాయి. 100 దాటితే రెండు వేరువేరు పట్టికల అంకెలు కలిశాయి, లేదా శాతాన్ని గ్రాములనుకుని ఎక్కించారు.

శాతం, గ్రాముల గందరగోళం చేప దగ్గర ఎక్కువగా జరుగుతుంది. చేపల గురించి రాసినచోట ‘సంతృప్త కొవ్వు ఆమ్లాలు 33 శాతం’ అని కనబడుతుంది. అది చేపలో 33 శాతం కాదు, చేపలోని కొవ్వు ఆమ్లాల్లో 33 శాతం. 120 గ్రాముల ముక్కకు 33 శాతం అని 40 గ్రాములు రాసుకున్నవాళ్ళను చూశాను. నిజానికి ఒక్క గ్రాము. 40 రెట్ల తప్పు. పట్టిక తలకట్టులో ‘100 గ్రాముల తిండికి’ అని ఉందా, ‘మొత్తం కొవ్వు ఆమ్లాల్లో శాతం’ అని ఉందా అన్నది చదివాకే అంకె తీసుకోండి. నెయ్యి డబ్బా మీద ఇంకో చిక్కు ఉంటుంది. కొన్ని కంపెనీలు 100 మిల్లీలీటర్లకు ఇస్తాయి, కొన్ని 100 గ్రాములకు. 100 మిల్లీలీటర్ల నెయ్యి 91 గ్రాములే. సంతృప్తం ఒకదాని మీద 56, ఇంకోదాని మీద 62 కనబడితే రెండో బ్రాండు చెడ్డదని కాదు.

ఇక ఈ 12.3ను ఎలా చదవాలో చూద్దాం. దీన్ని భోజనంతో కాదు, రోజుతో పోల్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజంతా తినే శక్తిలో సంతృప్త కొవ్వు 10 శాతం మించకూడదు. మీ నాయన రోజుకు 1800 కిలోకాలరీలు తింటారనుకుంటే 10 శాతం అంటే 180 కిలోకాలరీలు. గ్రాము కొవ్వుకు 9 కిలోకాలరీలు కాబట్టి 20 గ్రాములు. ఇది ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెట్టిన గీత. ఎల్‌డీఎల్ తగ్గించుకోవాల్సిన వాళ్ళకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 6 శాతం లోపు అంటుంది. అప్పుడు 12 గ్రాములు. ఆయనకు ఏ గీత వర్తిస్తుందో చూస్తున్న డాక్టరుగారు చెప్పాలి. కానీ ఏ గీత పెట్టినా అర్థం ఒకటే. మొదటి గీతతో ఈ ఒక్క భోజనం రోజు కోటాలో అరవై శాతం పైనే వాడేసింది. రెండో గీతతో కోటా మొత్తం అయిపోయింది. యాప్ చెప్పిన 6.5ను నమ్మితే ఇంకా సగం మిగిలిందనుకుని సాయంత్రం వెన్న తీయని పాలు తాగేవారు. 6 శాతం కొవ్వున్న పాలు 250 మిల్లీలీటర్లు తాగితే మరో 9 గ్రాములకు పైగా సంతృప్తం. 3 శాతం టోన్డ్ పాలైతే దానిలో సగం.

తర్వాత చూడాల్సింది ఆ 12.3 ఎక్కడినుంచి వచ్చిందన్నది. మొత్తం కొవ్వులో నెయ్యి వాటా నాలుగో వంతు కూడా లేదు. సంతృప్తంలో మాత్రం సగం. చెనిక్కాయలు, నూనె కలిపి మొత్తం కొవ్వులో మూడింట రెండు వంతులు, సంతృప్తంలో 4.8 గ్రాములు. చేప వాటా ఒక్క గ్రాము. ఇదే సంగతిని ఇంకోలా చూస్తే ఇంకా తేలిగ్గా గుర్తుంటుంది: ఒక గ్రాము సంతృప్త కొవ్వు కడుపులోకి పోవాలంటే నెయ్యి 1.6 గ్రాములు చాలు, వేరుశనగ నూనె 6 గ్రాములు కావాలి, చెనిక్కాయలు 12 గ్రాములు, బొచ్చె కండ 120 గ్రాములు. అందుకే నెయ్యిని కచ్చితంగా తూచమన్నాను. నెయ్యి తూకంలో 5 గ్రాములు అటూ ఇటూ అయితే అంకె 3 గ్రాములు కదులుతుంది. చేప తూకంలో 20 గ్రాములు తప్పినా ఏమీ కాదు.

దీన్నిబట్టి ఏం మారిస్తే ఎంత తగ్గుతుందో చెప్పొచ్చు. నెయ్యి 10 నుంచి 5కు తగ్గిస్తే 12.3 కాస్తా 9.2 అవుతుంది. ఊరిబిండి సగం చేస్తే 11.1. నూనె సగం చేస్తే దాదాపు అంతే, 11.1. చేప పూర్తిగా మానేస్తే 11.3. చాలా ఇళ్ళలో డాక్టరు కొవ్వు తగ్గించమనగానే ముందు చేపను ఆపేస్తారు, నెయ్యి ‘ఒక్క చెంచానే కదా’ అని ఉంచేస్తారు. ఈ భోజనంలో అది తలకిందులైన పని. మరోవైపు, చెనిక్కాయలకు వంక లేదని గుప్పెళ్ళు గుప్పెళ్ళు తింటే కూడా అంకె ఎక్కుతుంది. 75 గ్రాముల చెనిక్కాయలు తిన్నారంటే 10 గ్రాముల నెయ్యి ఇచ్చినంత సంతృప్తం వచ్చినట్టే. దాంతోపాటు కాలరీలు నాలుగైదు రెట్లు.

కొన్ని యాప్‌లు ‘అసంతృప్తం : సంతృప్తం’ అని ఒక నిష్పత్తి ఇస్తాయి. దీన్ని ఒంటరిగా నమ్మొద్దని గట్టిగా చెబుతాను. ఈ భోజనంలో 28.0ను 12.3తో భాగిస్తే 2.3. బాగానే కనబడుతుంది. ఇప్పుడు ఇదే పులుసులో నాయన వాటాకు ఇంకో 10 గ్రాముల నూనె పోయండి. సంతృప్తం 14.0 అయింది, అంటే పెరిగింది. అసంతృప్తం 35.8 అయింది. నిష్పత్తి 2.6కు ‘మెరుగైంది’. నూనె పోసేకొద్దీ నిష్పత్తి అందంగా అవుతుంది, రోజు కోటా మాత్రం దాటిపోతుంది. నిష్పత్తి పనికొచ్చేది ఒక్క సందర్భంలోనే: మొత్తం కొవ్వు అంతే ఉంచి ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని పెట్టినప్పుడు. ఎల్‌డీఎల్ మీద ప్రభావం కూడా సరిగ్గా ఆ మార్పిడిలోనే ఉంటుంది. నెయ్యి తీసిన చోట నూనె గింజల కొవ్వు వస్తే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. నెయ్యి అలాగే ఉంచి పైన చెనిక్కాయలు చేరిస్తే ఆశించినంత రాదు.

పాలీ వరుసను కూడా ఒకసారి విడిగా చూడండి. 10.7లో 9.1 చెనిక్కాయల నుంచి, నూనె నుంచి వచ్చింది. అది దాదాపు అంతా లినోలిక్ ఆమ్లం, ఒమేగా-6. చేపల గురించి మనం చెప్పుకునే ఒమేగా-3 అందులో లేదు. అది చేప తెచ్చిన 0.8లో ఒక భాగం మాత్రమే. కాబట్టి పాలీ 10.7 అని చూసి ‘చేప తిన్నాం కదా, ఒమేగా-3 బాగా పడింది’ అనుకోవద్దు. బొచ్చెలో అది గ్రాములో చిన్న వంతు.

అదే బొచ్చె బదులు కవళ్ళు వండితే పరిస్థితి మారుతుంది. మన వైపు మత్తి అని కూడా అంటారు. వాటిలో కొవ్వు సీజన్‌నుబట్టి 100 గ్రాములకు 3 నుంచి 15 దాకా ఉంటుంది. 10 అనుకుంటే 120 గ్రాముల కండకు 12 గ్రాముల కొవ్వు, సంతృప్తం మూడున్నర గ్రాముల పైన. భోజనం మొత్తం సంతృప్తం 15 దగ్గరికి పోతుంది. అంకె పెరిగింది కాబట్టి కవళ్ళు చెడ్డవి అని చదవకూడదు. వాటితో ఒమేగా-3 రెండు గ్రాములు దాటి రావచ్చు. బొచ్చె ఇవ్వలేనిది అది. కాకపోతే ఆ ఒమేగా-3 ముఖ్యంగా తగ్గించేది రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను, ఎల్‌డీఎల్‌ను కాదు. మీ నాయన రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు కూడా ఎక్కువ ఉంటే కవళ్ళు వండిన రోజున నెయ్యిని 4 గ్రాములు తగ్గించండి. సంతృప్తం మళ్ళీ 12 దగ్గరికి వచ్చేస్తుంది, చేప లాభం చేతికి వస్తుంది. ఒక్క ఎల్‌డీఎలే సమస్య అయితే బొచ్చె, రోహు లాంటివి చాలు.

ఇక యాప్ సంగతి. పాత ఊరిబిండి, పులుసు నమోదులు తీసేయండి. ‘వంటకం’ అనే గడిలో విడివిడి సరుకులతో కొత్తగా చేర్చండి: పచ్చి చెనిక్కాయలు 120 గ్రాములు, బొచ్చె ముళ్ళు తీసిన కండ నలుగురిదీ కలిపి, వేరుశనగ నూనె 55 గ్రాములు. ప్రతి సరుకూ ఎంచుకునే ముందు దాన్ని తెరిచి సంతృప్తం గడిలో అంకె ఉందో లేదో చూడండి. నూనెకు 100 గ్రాములకు 17 దగ్గర, చెనిక్కాయలకు 6 నుంచి 9 మధ్య, నెయ్యికి 62 దగ్గర ఉండాలి. చేపకు సాధారణంగా ఒకటి లోపే. గడి ఖాళీగా ఉన్నా, సున్నా ఉన్నా ఆ నమోదు వదిలేసి ఇంకోటి వెతకండి. అన్నీ చేర్చాక నాయన వాటా సంతృప్తం 11 నుంచి 13.5 మధ్య పడాలి. 15 దగ్గరికి పోతే పులుసు నూనెను రెండుసార్లు ఎక్కించారేమో చూడండి, వంటకంలో ఒకసారి, విడిగా ఇంకోసారి. 10 దగ్గరే ఆగితే చెనిక్కాయల గడో నూనె గడో ఇంకా ఖాళీగా ఉందన్నమాట.